అడ్వాన్సు ముట్టుకుంటే

సాలూరులో బస్సెక్కినప్పటి నుంచీ దీవెన ఒళ్ళో ఒక కాగితం చుట్ట ఉంది. రబ్బరు బ్యాండు వేసి, పైన పాలిథీన్ కవరు తొడిగి, పురిటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. పక్క సీటులో మొగుడు సంజయ్ ఎడమ కాలును సీటు కిందికి, పైకి, పక్కకి మార్చుకుంటూ కూర్చున్నాడు. ఆ కాలి పాదంలో స్పర్శ తగ్గి ఆరు నెలలైంది. చెప్పు జారిపోయినా తెలియదు. రామభద్రపురం దగ్గర నిజంగానే జారిపోతే దీవెనే వంగి తొడిగింది. అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

లారీవాడికి ఎడమ కాలంటే క్లచ్చి. సాలూరు నుంచి కొరాపుట్ ఘాటీ ఎక్కి దిగేవాడికి క్లచ్చి తొక్కానో లేదో తెలియకపోతే మిగతావన్నీ తెలిసీ లాభం లేదు. విజయనగరంలో ఎముకల డాక్టరు స్కానింగు చూసి, నడుంలో పూస నరాన్ని నొక్కుతోందనీ, ఇంక ఘాటీ మానుకోమనీ, మానుకోకపోతే పాదంతో ఆగదనీ చెప్పాడు. చెప్పి మూడు వారాలైంది. అందుకే లారీకి బేరం పెట్టారు. సాలూరులోనే నాలుగు బళ్ళున్న గంగులు ఎనిమిది లక్షల ఇరవై వేలకు ఒప్పుకుని, బుధవారం నాడు యాభై వేలు అడ్వాన్సుగా సంజయ్ ఖాతాలో వేశాడు. ఆదివారం చర్చి విడిచాక వస్తాను, కాగితాలు రాసుకుందాం అన్నాడు.

సాలూరు లారీల వాళ్ళలో అడ్వాన్సుకు ఒక పద్ధతి ఉంది. పుచ్చుకున్న అడ్వాన్సు ముట్టుకోకుండా ఉంచితే మనసు మారినప్పుడు తిరిగి ఇచ్చేయవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అందులో ఒక్క రూపాయి ముట్టుకున్నారా, బేరం ఖాయం. ఆ తర్వాత వెనక్కి తగ్గినవాడికి బుకింగ్ ఆఫీసులో బెంచీ మీద చోటు కూడా దొరకదు.

సంజయ్ దాన్ని ముట్టుకోలేదు. లారీ వాళ్ళ నాన్న డేవిడ్‌రాజుది. ఆయన పోయాక ఆ స్టీరింగు మీద ఇంకెవరి చెయ్యీ పడలేదు. అమ్మడానికి అతనికి ఉన్న ధైర్యమంతా దీవెన ఒళ్ళో ఉన్న ఆ చుట్టే.

ఆ చుట్ట వాళ్ళ పెళ్ళంత పాతది. ఐదేళ్ళ కిందట నవంబరులో పెళ్ళయింది. సంజయ్ దీవెనకు సొంత మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ బావే. మిషన్ కాంపౌండు వెనక డేవిడ్‌రాజు కొని ఉంచిన మూడు సెంట్లలో ఇల్లు లేపడానికి, విజయనగరంలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఇద్దరి పేరునా ఇరవై లక్షలు ఇచ్చింది. తొమ్మిది శాతం వడ్డీ, మారదు. ఇరవై ఏళ్ళు. నెలకు పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై ఐదు. ప్రతి నెలా ఐదో తారీకున సంజయ్ ఖాతాలోంచి దానంతటదే పోతుంది. ఇల్లు గడిచేది దీవెన జీతంతో. ఆమె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను, చేతికి ఇరవై ఆరు వేలు.

కంపెనీవాళ్ళు లోనుతో పాటు ఇచ్చిన కాగితాల్లో రెండు వందల నలభై వరసల పట్టిక ఒకటి ఉంది. ఎవరూ చదవరు దాన్ని. దీవెన చదివింది. కొత్త పెళ్ళికూతురు, చేతుల గోరింటాకు ఇంకా పోలేదు, నేల మీద బోర్లా పడుకుని పట్టిక మీద వేలు నడిపించింది. మొదటి వరసలో పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై ఐదుకి ఎదురుగా రెండు గళ్ళున్నాయి. వడ్డీకి పదిహేను వేలు. అసలుకి రెండు వేల తొమ్మిది వందల తొంభై ఐదు. ఇరవై లక్షల మీద తొమ్మిది శాతం చొప్పున ఒక నెల వడ్డీ సరిగ్గా పదిహేను వేలు. అది తీసేయగా మిగిలిందే అసలులోంచి తరుగుతుంది. రెండో నెల అసలు ఆ రెండు వేల తొమ్మిది వందల మేర తగ్గింది కాబట్టి వడ్డీ ఇరవై రెండు రూపాయలు తగ్గింది, ఆ ఇరవై రెండూ అసలు గడిలోకి వచ్చాయి. అలా చీమ నడిచినట్టు నడిచి, ఏడాది మొత్తానికి రెండు లక్షల పదహారు వేలు కడితే, అప్పు తరిగేది ముప్పై ఏడున్నర వేలు.

ఆ లెక్కకి ఎవరైనా బెంబేలెత్తుతారు. దీవెనకు మాత్రం అందులో ఒక కిటికీ కనిపించింది. ఏడాది చివర మూడు నెలల వాయిదా అంత, అంటే యాభై నాలుగు వేలు, ఒక్కసారి అసలులో పడేస్తే? పదమూడో వరస దగ్గర వేలు పెట్టి, అసలు గడిలోని అంకెలు ఒక్కొక్కటే కూడుకుంటూ కిందికి వెళ్ళింది. పదిహేను వరసలు దిగేదాకా యాభై నాలుగు వేలు నిండలేదు. అంటే ఆ పదిహేను వరసలూ దాటేసినట్టే. ఆ వరసల్లో ఎదురుగా ఉన్న వడ్డీ, రెండు లక్షల పైచిలుకు, ఇక ఎప్పటికీ కట్టక్కర్లేదు. నెల వాయిదా మాత్రం అలాగే కడుతూ ఉండాలి, అంతే.

"బావా, మూడు నెలల డబ్బుకి పదిహేను నెలలు పోతన్నాయి. సూడు ఇలగ" అని అతన్ని లాక్కొచ్చి నేల మీద కూర్చోబెట్టింది. సంజయ్ పట్టిక చూడలేదు, ఆమె వేలు చూశాడు. ఏడాదికోసారి యాభై నాలుగు వేలు తను తెస్తానన్నాడు. అలా కడుతూ పోతే ఇరవై ఏళ్ళ అప్పు పన్నెండేళ్ళ ఏడు నెలల్లో తీరుతుందనీ, తొమ్మిదిన్నర లక్షల వడ్డీ మిగులుతుందనీ ఆమె ఫోనులో లెక్క కట్టింది. ఆ సాయంత్రమే ఒక పెద్ద చార్టు కొనుక్కొచ్చి రెండు వందల నలభై గళ్ళు గీసింది. నెల కట్టగానే ముందు నుంచి ఒక గడిలో పసుపు రంగు. డిసెంబరులో సంజయ్ అదనంగా కట్టి రాగానే చివరి నుంచి కొన్ని గళ్ళకు ఎర్ర గీత. మరుసటి ఏడు డిసెంబరున మొదటిసారి పదిహేను గళ్ళు కొట్టేసినప్పుడు వాళ్ళత్త అప్పలమ్మ కూడా వచ్చి చూసి, ఏటో కుట్టుపనిలాగ బాగున్నాదే అంది.

ఐదేళ్ళలో అరవై పసుపు గళ్ళు, యాభై ఆరు ఎర్ర గళ్ళు. మిగిలినవి నూట ఇరవై నాలుగు. దీవెన లెక్కలో అప్పు ఇప్పుడు పద్నాలుగు లక్షల నలభై ఎనిమిది వేలు. లారీ డబ్బులో ఎనిమిది లక్షలు అసలులో వేసేస్తే మిగిలేది ఆరున్నర లక్షలు. నలభై మూడు గళ్ళు. సంజయ్‌కి కాటా దగ్గర కూర్చునే పని దొరికింది, లారీలు తూచి చీటీలివ్వడం, నెలకు పదిహేను వేలు. ఇద్దరి జీతాలతో నలభై మూడు నెలలు బిగబట్టుకోవచ్చు. ఆ అంకె వినే సంజయ్ గంగులుకు ఊఁ అన్నాడు.

ఇవాళ జనవరి మూడు, శనివారం. ఎంత మిగిలిందో కంపెనీవాళ్ళ చేత కాగితం మీద రాయించుకుని, ఎనిమిది లక్షలు ఎలా కట్టాలో అడిగి రావడానికి ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఇద్దరూ కలిసి ఆ ఆఫీసుకు వెళ్ళడం, సంతకాలు పెట్టిన రోజు తర్వాత ఇదే. ప్రతి డిసెంబరూ సంజయ్ విజయనగరం మీదుగా లోడు దించుకుని వస్తూ ఒక్కడే కట్టి వచ్చేవాడు.

ఆఫీసు మేడ మీద ఉంది. సంజయ్ రెయిలింగు పట్టుకుని, ప్రతి మెట్టు మీదా ఎడమ పాదాన్ని కళ్ళతో చూసి పెడుతూ ఎక్కాడు. లోపల హరిచరణ్ అనే కుర్ర ఆఫీసరు మర్యాదగా కూర్చోమన్నాడు. ఎవరో ఇచ్చిన కొత్త సంవత్సరం కేకు ముక్క బల్ల మీద సగం తిని ఉంది. దీవెన చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. రెండు చివరలూ లేవకుండా ఒక పక్క స్టేప్లరు, ఒక పక్క తన చెయ్యి పెట్టింది. అతను చార్టును చూసి, ఇంత శ్రద్ధగా లెక్క పెట్టుకునే కస్టమరును చూడలేదన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి నంబరు కొట్టి, కాసేపు చూసి, మళ్ళీ నంబరు అడిగి కొట్టాడు.

"పదిహేడు లక్షల డెబ్బై నాలుగు వేల నూట ఐదు ఉంది మేడం. ఇంకా నూట ఎనభై నెలలు."

దీవెన తప్పు ఖాతా తీసి ఉంటారంది. అతను పేర్లు చదివాడు. ఇద్దరివీ వాళ్ళ పేర్లే. మరి ఏడాదికోసారి కట్టిన యాభై నాలుగు వేలు ఐదుసార్లు ఏమైనట్టని ఆమె అడిగింది. అవీ ఉన్నాయన్నాడు, ప్రింటు తీసి ముందుంచాడు.

ఉన్నాయి. మొదటి ఏడాది డిసెంబరులో యాభై నాలుగు వేలు జమ, పక్కన అడ్వాన్స్ అని ఉంది. దాని కింద జనవరి వాయిదా, అడ్వాన్స్ నుంచి సర్దుబాటు. ఫిబ్రవరి, అడ్వాన్స్ నుంచి సర్దుబాటు. మార్చి, అదే. ఏప్రిల్ నుంచి మామూలుగా ఖాతాలోంచి కోత. మళ్ళీ డిసెంబరులో యాభై నాలుగు వేలు. మళ్ళీ జనవరి, ఫిబ్రవరి, మార్చి సర్దుబాటు. నాలుగేళ్ళు అదే వరస, చేతికి అలవాటైన ముగ్గులా.

హరిచరణ్ నెమ్మదిగా చెప్పాడు. అడ్వాన్స్ అని కడితే ఆ డబ్బు పక్కన వేరుగా ఉంటుంది, రాబోయే నెలల వాయిదాలు అందులోంచి తీసుకుంటారు. పక్కన ఉన్నంతకాలం దానివల్ల అసలు తగ్గదు, అసలు తగ్గకపోతే వడ్డీ తగ్గదు. అసలు తగ్గాలంటే పార్ట్ పేమెంట్ అని రాసి, అసలులో జమ చేయమని అడగాలి. "మీరు అడ్వాన్స్ అనే రాశారు సర్ ప్రతిసారీ. మావాళ్ళు రాసినదాన్ని బట్టే వేశారు."

పాత చీటీల నకళ్ళు కూడా తీసి చూపించాడు. అడ్వాన్సు అని తెలుగులో, సంజయ్ దస్తూరీ. డ్వా కింద ఒత్తు ఎప్పుడూ కాస్త పొడుగు లాగుతాడు. పెళ్ళికి ముందు రాసిన ఉత్తరాల్లో కూడా అంతే లాగేవాడు.

దీవెనకు ఏడుపు వస్తుందేమోనని హరిచరణ్ మంచినీళ్ళ సీసా ముందుకు జరిపాడు. రాలేదు. కోపం కూడా రాలేదు. చార్టు మీద ఎర్ర గీతలన్నీ ఎవరో వేరే వాళ్ళ ఇంట్లో గోడ మీద ఉన్నట్టు కనిపించాయి. ల్యాబులో సూది గుచ్చే ముందు మనుషులు మొహం పక్కకు తిప్పుకుంటారు. గుచ్చడం అయిపోయిందని చెప్పినా కాసేపు అలాగే ఉంటారు. ఆమె అలా ఉంది. పక్కనున్న కేకు ముక్క మీద చెర్రీ ఉందని, అది చెర్రీ కాదు రంగు వేసిన వాక్కాయ అని గమనించింది.

"ఏటి బావా ఇది?" అంది చివరికి, మామూలు గొంతుతోనే.

సంజయ్ చీటీలు చూస్తూ చెప్పాడు. లోడుకు వెళ్ళేముందు పార్టీ ఇచ్చేది అడ్వాన్సు. దింపాక మొత్తం కిరాయిలోంచి దాన్ని తీసేస్తారు. అప్పులోంచి కూడా అలాగే తీసేస్తారనుకున్నాడు. ముందుగా కట్టే డబ్బును అడ్వాన్సు కాక మరేమంటారు.

"మరి మూడు నెలలు నీ ఖాతాలో కోత పడ్నేదు కదా. అదైనా సెప్పలేదేటి?"

"రెస్టు ఇచ్చారనుకున్నానే" అన్నాడతను. "డిసెంబర్లో అంత కట్టినాం కదా, మూడు నెల్లు ఊపిరి పీల్చుకోమని ఒగ్గేసినారనుకున్నాను. జనవరి నుంచి మార్చి దాకా బండికి కర్చులెక్కువ. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్సు, టైర్లు. దేవుడే సర్దుతున్నాడనుకున్నాను."

ఆమె ఐదో తారీకు రాగానే పసుపు రంగు వేసేది. కోత పడిందా అని ఒక్కసారీ అడగలేదు. అతను కోత పడలేదని ఒక్కసారీ అనలేదు. ఇద్దరి మధ్యా దాపరికం ఏమీ లేదు. ఒకరు చార్టును నమ్మారు, ఒకరు రెస్టును నమ్మారు.

నాలుగేళ్ళలో అలా తిరిగొచ్చిన రెండు లక్షల పదహారు వేలు ఎక్కడికి పోయాయో సంజయ్ వేళ్ళు మడుస్తూ చెప్పాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు. రెండుసార్లు టైర్లు. అప్పలమ్మ కంటి ఆపరేషను. ఒక ఏడు ఘాటీలో ఇరుసు విరిగితే ఆ ఖర్చు. వేలు మడిచి ఆగాడు. రెండో ఏడు ఫిబ్రవరిలో, అన్నాడు. ఆపైన చెప్పలేదు.

చెప్పనక్కర్లేదు. రెండో ఏడు ఫిబ్రవరిలో అతను రాయ్‌పూర్ నుంచి వస్తూనే, మంచి లోడు దొరికిందే అని ఒక చిన్న డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. బియ్యపుగింజంత ఎర్రరాయి ఉన్న బుట్ట కమ్మలు. ఆమె వాటిని పెట్టుకుని, స్టీలు కంచాన్ని అద్దంలా పట్టుకుని చూసుకుంది. గది అద్దం దాకా వెళ్ళే ఓపిక కూడా లేకపోయింది ఆ సంతోషానికి. ఇప్పటిదాకా చెవుల నుంచి తియ్యలేదు. ఇప్పుడూ చెవులకే ఉన్నాయి. పద్దెనిమిది వేలు. సరిగ్గా ఒక నెల వాయిదా.

చెయ్యి చెవి దాకా వెళ్ళి, చార్టు మీదికి తిరిగి వచ్చింది.

హరిచరణ్ ఇంకొక మాట చెప్పాడు. గత నెల కట్టిన యాభై నాలుగు వేలు ఇంకా పక్కనే ఉన్నాయి, ముట్టుకోలేదు. సోమవారం ఐదో తారీకు. ఆ లోపల ఇద్దరూ సంతకాలు పెట్టి ఉత్తరం ఇస్తే దాన్ని అసలులోకి మార్చవచ్చు. సొంత డబ్బే కాబట్టి ఛార్జీ ఏమీ ఉండదు. ఇవ్వకపోతే సోమవారం జనవరి వాయిదా అందులోంచి పోతుంది.

"మారిస్తే ఎన్ని నెలలు తగ్గుతాయి?" అని దీవెన అడిగింది.

"అది మీరు గడువు తగ్గించమంటారా, వాయిదా తగ్గించమంటారా అన్నదాన్ని బట్టి" అన్నాడు. వాయిదా తగ్గించమంటే నెలకు ఐదు వందల నలభై చిల్లర తగ్గుతుంది, నూట ఎనభై నెలలూ అలాగే ఉంటాయి, ఆదా అయ్యే వడ్డీ తక్కువ. గడువు తగ్గించమంటే నెలకు అదే పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై ఐదు, నెలలే తగ్గుతాయి. కంప్యూటరులో చూసి చెప్పాడు. "పదకొండు నెలలు మేడం."

పదిహేను కాదు. దీవెనకు ఎందుకో తెలుసు. మొదటి ఏడాది చివర అసలు గడిలో మూడు వేల రెండు వందలు ఉండేది. ఇప్పుడు నాలుగు వేల ఏడు వందలకు దగ్గరలో ఉంది. గడిలో అంకె పెరిగేకొద్దీ అదే యాభై నాలుగు వేలు తక్కువ గళ్ళు దాటుతాయి. ముందు పడిన రూపాయి ఎక్కువ దూరం నడుస్తుంది. ఈ డబ్బు నాలుగేళ్ళూ డిసెంబరులో గుమ్మం దాకా వచ్చి, మార్చిలో వెళ్ళిపోయింది.

లారీ డబ్బు ఎనిమిది లక్షలు కూడా వేస్తే ఎంతవుతుందో చూడమంది. అతను చూశాడు. తొమ్మిది లక్షల ఇరవై వేల నూట ఐదు మిగులుతుంది. అరవై ఐదు నెలలు.

నలభై మూడుకు అరవై ఐదు. ఇరవై రెండు గళ్ళ తేడా.

ఉత్తరం దీవెన రాసింది. హరిచరణ్ చెప్పిన మాటలన్నీ రాసింది. పార్ట్ పేమెంట్, అసలులో జమ, గడువు తగ్గింపు. అడ్వాన్సు అన్న చోట అతను సరిచేయబోతే అక్కర్లేదని తనే కొట్టేసి పైన అసలు అని రాసింది. సంజయ్ సంతకం పెట్టాడు. అతను పెన్ను మూత పెడుతుంటే దీవెన ఒక ప్రశ్న అడిగింది, హరిచరణ్‌నే, సంజయ్ వైపు చూడకుండా. అడ్వాన్సు డబ్బు అసలులోకి వెళ్ళిపోతే సోమవారం వాయిదా దేనిలోంచి పోతుంది? ఖాతాలోంచే మేడం, అన్నాడతను, బాలెన్సు ఉండేలా చూసుకోండి. ఆమె తలూపి ఉత్తరం అతనికి ఇచ్చేసి, ముద్ర వేసిన నకలు తీసుకుంది.

తిరిగొచ్చే బస్సు గజపతినగరంలో పావుగంట ఆగింది. ఇద్దరూ దిగి టీ బండి దగ్గర నిలబడ్డారు. పక్కన మరిడమ్మ అనే ముసలావిడ పెనం మీద పెసరట్లు వేస్తోంది. అల్లం వాసన గాలికి ఇటే వస్తోంది. మామూలుగా ఆ వాసన వస్తే దీవెన తినకుండా ఉండలేదు. ఇవాళ కూడా ఒకటి తీసుకుని సగం విరిచి సంజయ్‌కిచ్చింది. బాగానే ఉంది. బాగుందని తెలుస్తోంది గానీ, బాగున్నట్టు అనిపించడం లేదు. బావ పాదానికీ ఇలాగే ఉంటుందేమో అనుకుంది. నేల అక్కడే ఉంటుంది, తెలియదు అంతే.

సంజయ్ పెసరట్టు చేతిలోనే పట్టుకుని చెప్పడం మొదలెట్టాడు. దారంతా దీన్నే ఆలోచించి ఉంటాడు. గంగులుకు అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తాడట. ఘాటీ ఇంకో రెండేళ్ళే కదా, బండి ఆ తర్వాత అమ్ముకోవచ్చు. నడుంకి పట్టీ కట్టుకుంటాడు. క్లీనరు గణపతిరావుకు లైసెన్సు వచ్చింది, దిగేటప్పుడు అతనికిస్తాడు. ఈ రెండేళ్ళూ ఏడాదికి లక్ష, లక్షన్నర అసలులోనే పడేస్తే ఆ ఇరవై రెండు గళ్ళూ పూడిపోతాయి. తన వల్ల పోయినవి తనే పూడ్చాలి.

"రెండేళ్ళు తోల్తాను దీవెనా. నువ్వు సార్టు మళ్ళీ గీసుకో."

ఆమె పెసరట్టు తినడం పూర్తిచేసి, కాగితంతో వేళ్ళు తుడుచుకుంది.

"నీ ఖాతాలో ఎంతున్నాది?"

గంగులు యాభై వేలు, తనవి ఆరు వేలు అన్నాడు. జనవరి నుంచి రెస్టు కదా అని మిగతాది డీజిలు బాకీ కట్టేశాడు.

"రెస్టు నేదు బావా ఇంక. ఉత్తరం ఇచ్చీసినాం కదా. సోమవారం పొద్దున్న పదిహేడువేల తొమ్మిదొందల తొంభై ఐదు కోసుకుంటాది. నీ ఆరువేలు సాలవు. మిగతాది గంగులు డబ్బులోంచి పోతాది."

అతను ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నీ జీతంలోంచి తీసి నా ఖాతాలో వెయ్యి అన్నాడు. ఆమె జీతం ఒకటో తారీకునే వచ్చింది, ఖాతాలోనే ఉంది, ఇద్దరికీ తెలుసు.

"వెయ్యను" అంది దీవెన.

టీ బండివాడు గ్లాసులు కడిగిన నీళ్ళు రోడ్డు వారగా పారబోశాడు. సాలూరు వైపు వెళ్ళే లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. సంజయ్ అలవాటుగా దాని వెనక చక్రాల వైపు చూశాడు, టైర్లు ఎలా ఉన్నాయో.

"తెలిసే రాసినావేటి ఉత్తరం?"

"సోమవారం కోత పడతాదని తెలిసే రాసినాను. అడ్వాన్సు ముట్టుకుంటే బేరం కాయం. నువ్వే సెప్పినావు."

అతనికి కోపం వస్తుందేమోనని ఆమె ఎదురు చూసింది. వస్తే బాగుండును, ఇద్దరిలో ఒకరికైనా ఏదో ఒకటి వచ్చేది. అతను వంగి ఎడమ చెప్పు ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. చల్లారిన పెసరట్టు అప్పుడు తిన్నాడు.

"అరవై ఐదు నెల్లే" అన్నాడు.

"అరవై ఐదే. కాటా దగ్గర కూకుని తూస్తే గడిసిపోతాది. నీ పాదంలో గళ్ళు ఎన్నున్నాయో ఎవుడికి తెల్సు?"

సంజయ్ దానికి నవ్వబోయి, నవ్వు సగంలో మర్చిపోయినట్టు ఆగాడు. కండక్టరు ఈల వేశాడు. ఎక్కేటప్పుడు దీవెన వెనక నిలబడి, అతని పాదం మెట్టు మీద సరిగ్గా పడేదాకా చూసి ఎక్కింది.

ఆదివారం చర్చి విడిచాక గంగులు వచ్చాడు. అప్పలమ్మ అతనికి టీ ఇచ్చి, మొగుడి ఫోటో కనిపించని మూలకు కుర్చీ లాగింది. కాగితాల మీద సంతకాలు అయ్యాయి. తాళాలు ఇచ్చే ముందు సంజయ్ బండి ఎక్కి కాసేపు కూర్చుని, డాష్‌బోర్డు మీద అంటించిన బైబిలు వాక్యాల స్టిక్కరును పీకబోయి, రాకపోతే వదిలేసి దిగాడు. గంగులు మిగతా డబ్బు బుధవారం వేస్తానన్నాడు. సోమవారం పొద్దున్న ఫోను మోగింది. పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై ఐదు కోత. దీవెన ఆ మెసేజిని సంజయ్ చేత పైకి చదివించింది. ఇకనుంచి ప్రతి నెలా అంతే, అతను చదువుతాడు, ఆమె వింటుంది.

బుధవారం డబ్బు రాగానే ఎనిమిది లక్షలూ కట్టారు. ఈసారి చీటీ సంజయే రాశాడు. అసలులో జమ, గడువు తగ్గింపు అని రాసి, అడ్వాన్సు కాదు అని కింద అడక్కుండానే రాశాడు. డ్వా కింద ఒత్తు అంతే పొడుగు వచ్చింది.

పాత చార్టును దీవెన పారేయలేదు. వెనక్కి తిప్పి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట అరవై ఐదు గళ్ళు గీసింది. సోమవారం కోతకు మొదటి గడిలో పసుపు రంగు వేసింది. రంగు పల్చగా ఉండి, అటువైపు ఎర్ర గీతలు కొన్ని కాగితంలోంచి మసకగా కనిపించాయి. ఆ రాత్రి నిద్రపోయేముందు గుచ్చుకుంటున్నాయని కమ్మలు తీసి, డబ్బా ఎక్కడుందో కాసేపు వెతికింది. దొరకలేదు. మళ్ళీ పెట్టేసుకుంది.